ఐదు కార్డులు, ఒకే పొగడ్త

గుడివాడలో డిగ్రీ చివరి ఏడాదిలో ఉండగా నాకు పత్రికలో చేరాలని పిచ్చి పట్టింది. మా ఇంటావంటా ఆ పని చేసినవాళ్లు లేరు. విజయవాడ వెళ్లి పెద్దల చుట్టూ తిరగడానికి చార్జీలూ లేవు. చవగ్గా పరిచయాలు చేసుకుందామని ఒకే పత్రికలోని ఐదుగురు సబ్ ఎడిటర్లకు పోస్టుకార్డులు రాశాను. ఐదింటిలోనూ ఒకటే మాట: "మీ ఆఫీసులో మీ అంత బాగా రాసేవారు మరొకరు లేరండీ."

ఆ ఐదుగురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారని నాకు తట్టలేదు.

నెల తర్వాత ధైర్యం చేసి పాసింజరు ఎక్కి విజయవాడలో వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. పేరు చెప్పగానే వాళ్లలో పెద్దాయన నా కార్డులను పేకముక్కల్లా పరిచాడు.

"ఏవయ్యా, మాలో గొప్పోడెవడో నువ్వే తేల్చు. నెలరోజులుగా కొట్టుకు చస్తున్నాం."

నేను గబగబా ఆ కార్డులన్నీ పోగుచేయబోయాను.

"సర్లే, ఐదు కార్డులు రాశావు, మీ ఊరి సంగతి ఒక్కటీ రాయలేదేం? గుడివాడ నుంచి మాకు వార్తలు పంపేవాళ్లే లేరు."

"అంటే, ఉద్యోగమాండీ?"

"కాదు. వార్త పంపు. బాగుంటే వేస్తాం."

మర్నాడు ఒక్క కార్డే కొన్నాను. బస్టాండులో కుళాయి పాడైన సంగతి రాసి, చివర్లో అలవాటుకొద్దీ "మీ అంత" అని మొదలుపెట్టి, కొట్టేశాను.