నల్లరంగు పూసిన మృదంగం

మాస్టారి మృదంగం శిష్యులు ముట్టుకోకూడదు. బందరులో మా మాస్టారింట్లో మొదటిరోజే చెప్పిన నియమం అది. దానికి దండం పెట్టి దూరంగా కూర్చునేదాన్ని. ఆ నియమమే నన్ను ఏడాదిపాటు వెర్రిదాన్ని చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది గిలకలదిండి. నాన్న బోటు మీద వేటకు వెళ్ళేవాడు. మా బడి హెడ్మాస్టరు గారు అడిగితే కాదనలేక మాస్టారు నన్ను చేర్చుకున్నారు. నా మృదంగం ఆయన ఇచ్చిందే. దాని కుడివైపు ఏనాడూ శ్రుతికి రాలేదు. అంచు చుట్టూ రాయితో కొట్టి బిగిస్తే మోత పైకి వెళ్ళేది, వదులు చేస్తే దిగేది, ఎక్కడా స్వరం మీద నిలిచేది కాదు.

"నీకు చెవి లేదే. చేపల వేలంపాటల అరుపుల్లో పెరిగినదానికి శ్రుతేం తెలుస్తుంది" అనేవారు మాస్టారు. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ నమ్మాను, ఏం చెయ్యను.

ఏడాది తిరిగాక నాన్నను పిలిపించారు. "ఇవాళ శ్రుతి చేస్తే ఉంచుకుంటాను. లేకపోతే తీసుకెళ్ళిపో." నాన్న అప్పటికే రొయ్యల షెడ్డులో నా పని మాట్లాడి ఉంచాడు.

ఫోన్‌లో తంబుర మోగుతోంది. బిగించాను, దించాను, మళ్ళీ బిగించాను. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. చూస్తే వేళ్ళకి నలుపు. తోలు మధ్యలో ఉన్న నల్లటి గుండ్రం చెరిగిపోతోంది. దాని కింద వట్టి తోలు.

నా చెయ్యి పక్కనే ఉన్న మాస్టారి మృదంగం మీదికి వెళ్ళింది. అక్కడ నలుపు మందంగా, గరుగ్గా, సన్నటి బీటలతో తగిలింది. చూపుడువేలితో ఒక్కటి కొట్టాను. ఆ మోత తంబురలో కలిసిపోయింది.

అన్నంలో నల్లరాతి పొడి కలిపి, పొర మీద పొర అద్ది, ప్రతి పొరనూ రాయితో రుద్ది ఆరబెట్టే కరణి అది. వట్టి తోలును కొడితే లేచే మోతలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి, చెవికి ఏ స్వరమూ దొరకదు. మధ్యలో ఆ బరువు ఉంటే పై మోతలు అడుగు మోతకు రెండింతలు, మూడింతలుగా కుదురుకుని ఒకే స్వరంగా వినిపిస్తాయి. వట్టి తోలును ఎంత బిగించినా ఆ కుదురు రాదు. ఇదంతా తర్వాత నేర్చుకున్నాను. ఆ క్షణాన తెలిసింది ఒక్కటే, నాకు చెవి ఉంది.

"నాన్నా, నాదానికి వట్టి రంగు పూశారు" అని చెయ్యి చూపించాను.

మాస్టారు నా చేతి వంక చూడలేదు. "చూశావా, గురువు వాద్యం ముట్టుకుంది" అన్నారు నెమ్మదిగా.

నాన్న నా చెంప పగలగొట్టాడు. "తప్పయిపోయిందండీ, చిన్నపిల్లండీ" అంటూ ఆయన కాళ్ళ మీద పడ్డాడు. మర్నాడు షెడ్డులో రొయ్యల తలలు తీస్తుంటే గోళ్ళ సందుల్లో ఆ నలుపు ఇంకా ఉంది.

చుట్టాలొస్తే నాన్న ఇప్పటికీ అంటాడు: "దానికి చెవి లేదని మాస్టారు ముందే చెప్పారు."

నేను పక్క గదిలో వింటూనే ఉంటాను.