నాగా పెట్టే మిషన్

శ్రీరాంపూర్‌లో బొగ్గు గని గేటు ముందు జ్యూసు బండి పెట్టుకున్న దెబోరాకు ఆ ఎండాకాలం కోరికలు రెండే. ఒకటి, బండిలో ఐసు తొందరగా కరగకూడదు. రెండు, రోడ్డుకు అవతల చెరకు రసం అమ్మే కొండల్ నలుగురిలో తల దించుకోవాలి. ఐసు సంగతి ఆమె చేతిలోదే. కొండల్ సంగతి దేవుడికి వదిలెయ్యమ్మా అని పాస్టరుగారు చెప్పారు. కానీ దేవుడికి సవాలక్ష పనులుంటాయి, ఇంత చిన్నదానికి ఆయన్ను పరేషాన్ చేయడమెందుకని దెబోరా ఆ పని తన నెత్తిమీదే వేసుకుంది.

పగ మొదలైంది ఒక డబ్బాతో.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కనున్న పాన్ డబ్బా లేచిపోయింది. దానితోపాటు అందులోంచి మిక్సీకి లాక్కున్న కరెంటు వైరూ పోయింది. గనిలో చేసి రిటైరైన ఆమె భర్త స్టీఫెన్ మంచిర్యాల పోయి ఒక బ్యాటరీ మిషన్ తెచ్చాడు. చూడ్డానికి చిన్న ట్రంకు పెట్టెలా ఉంటుంది. పైన పట్టుకోవడానికి పిడి, ముందు ప్లగ్గులు, చిన్న తెర, రెండు పక్కలా గాలి ఆడే సందులు. ఇంట్లో రాత్రంతా ఛార్జింగు పెడితే పగలంతా మిక్సీ తిప్పుతుంది. దాని పేరు పవర్ స్టేషనని స్టీఫెన్ చెబితే దెబోరా నమ్మలేదు.

"పవర్ స్టేషనంటే మన పక్కకున్న జైపూర్ల ఉంటది. గంత పొగ గొట్టం ఉంటది. గిది టిఫిన్ డబ్బలెక్క ఉన్నది."

అమ్మినవాడు మూడు ముక్కలు చెప్పి పంపాడు. రెండు మిక్సీలు ఒకేసారి తిప్పితే బరువు ఆపలేక కరెంటు కట్ చేసుకుంటుంది, ఒకటి తీసేసి బటన్ నొక్కితే మళ్లీ వస్తుంది. బ్యాటరీ అడుగంటితే, పాడైపోకుండా తనంతట తానే బందైపోతుంది. మరీ వేడెక్కినా అంతే, కాబట్టి ఎండ తగలనీయకండి.

మొదటి రెండూ దెబోరా వారంలో ఒంట పట్టించుకుంది. మామిడి మిక్సీ ఆగాకే సపోటా మిక్సీ వేసేది. తెరమీద అంకె కిందికి జారుతుంటే ఇంక జ్యూసు లేదు పొమ్మనేది. మూడోదాన్ని మాత్రం ప్రాణంలా పట్టుకుంది. ఎండ తగలొద్దంటే ఏం చేయాలో జ్యూసు బండివాళ్లకు ఒకరు చెప్పాలా? పొద్దున తెచ్చిన ఐసు దిమ్మ సాయంత్రం దాకా నిలవాలంటే గోనెసంచీలో చుట్టి, పైన బొంత కప్పుతారు. ఎంత మందంగా కప్పితే అంత చల్లదనం. పాత చీరలతో తాను కుట్టిన బొంతనే మిషన్‌కు చుట్టింది. వైరు బయటికి రావడానికి ఒక బొక్క పెట్టింది. దుమ్ము కూడా పడకుండా సుతిలితాడుతో చుట్టూ బిగించి ముళ్లు వేసింది. చంటిపిల్లను పడుకోబెట్టినట్టు బండి కింద నీడలో పెట్టింది.

అదిగో, అప్పట్నుంచి మిషన్ ఆగడం మొదలుపెట్టింది.

ఎప్పుడో ఒకప్పుడు ఆగితే ఆమె పట్టించుకునేది కాదు. సరిగ్గా మొదటి షిఫ్టు దిగి, నల్లటి మొహాలతో కార్మికులు గేటు బయటికి వచ్చి బండి చుట్టూ మూగినప్పుడే ఆగేది. మిక్సీలో సగం నలిగిన మామిడి ముక్కలు అలాగే నిలబడిపోయేవి. బ్యాటరీ చూస్తే ఇంకా సగం మిగిలి ఉండాల్సిన టైము. తిరిగేది ఒకటే మిక్సీ. దెబోరా వంగి, ముళ్లన్నీ విప్పి, బొంత తీసి, వైర్లు కదిపి, తిట్టాల్సినవాళ్లను తిట్టి, బటన్ నొక్కేసరికి మిషన్ బుద్ధిగా నడిచేది. ఆలోగా జనంలో సగం మంది రోడ్డు దాటి కొండల్ దగ్గర చెరకు రసం తాగేవాళ్లు.

అది చాలదన్నట్టు కొండల్ ఆ పక్కనుంచి కేకేశాడు.

"ఏమక్కా, నీ మిషన్ ఇయ్యాల నాగా పెట్టిందా?"

డ్యూటీకి రాకుండా ఎగ్గొట్టడాన్ని గనిలో నాగా అంటారు. కార్మికులకు ఆ మాట ఎంత బాగా తెలుసో చెప్పనక్కర్లేదు. నవ్వి నవ్వి కూలబడ్డారు. మర్నాటి నుంచి బండి దగ్గరికి వచ్చినవాడల్లా "అవ్వా, మిషన్ మస్టర్ పడ్డదా, నాగానా?" అని హాజరు అడిగాకే గ్లాసు పట్టుకునేవాడు. కొన్నాళ్లకు ఆమె పేరే నాగా దెబోరా అయింది. చర్చిలో ఎవరో కొత్తావిడ "మీరేనా నాగా దెబోరాగారు?" అని గౌరవంగా అడిగిన రోజు ఆమెకు అన్నం సహించలేదు.

"గా కొండలే ఆపుతుండు. ఐసు ముక్క కావాలనుకుంట వస్తడు జూడు, అప్పుడే బొంత కిందికెల్లి చెయ్యివెట్టి బటన్ ఒత్తుతుండు," అంది భర్తతో.

"నిన్న వాడు రానేలేదు గదనే."

"రాకుంటే ఎవన్నో తోలిండు."

"మరి నువ్వు విప్పి జూస్తే మంచిగనే నడుస్తది గద?"

"అందుకే గద అనేది! నేను జూస్తె నడుస్తది, జూడకుంటే ఆగుతది. మిషన్‌ల రోగముంటే నేను జూసినా ఆగాలె. ఇది మనిషి పని."

స్టీఫెన్ బత్తాయిలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

అవకాశం తనంత తానే నడిచొచ్చింది. కొండల్ కొడుక్కి కాగజ్‌నగర్ సంబంధం ఖాయమైంది. కాబోయే వియ్యంకుడు లింగమూర్తి, అల్లుడు కూర్చునే కొట్టు చూద్దామని బయల్దేరి వచ్చాడు. కొండల్ ఇస్త్రీ చొక్కా వేశాడు. లేత చెరకు గడలు ఏరి పెట్టాడు. తీరా చెరకు మిషన్ తిప్పబోతే, దాని మోటారుకు కరెంటిచ్చే జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. తాడు లాగిలాగి కొండల్ ఇస్త్రీ కాస్తా నలిగింది. వియ్యంకుడు స్టూలు మీద కూర్చుని, పెద్దమనిషి కాబట్టి, ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఇంకా షిఫ్టు దిగే వేళ కాలేదు. బండి దగ్గర బేరం లేదు. దెబోరా కొంగు నడుముకు దోపుకుని రోడ్డు దాటింది. ఆ మొహంలో ఉన్న నవ్వు చూసి స్టీఫెన్‌కు భయమేసింది. పెళ్లై ఇన్నేళ్లలో ఆ నవ్వు ఆయన రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ ఎవరో ఒకరు ఏడ్చారు.

"తమ్మీ, ఎందుకు పరేషాన్? నా మిషన్ తీస్కపో. సుట్టపాయన ఎదురుంగ ఇజ్జత్ పోవద్దు."

కొండల్ ఆమె మొహంలోకి చూశాడు. "నిజంగనా అక్కా? మోటర్ తిప్పుతదా అది?"

"వెట్టి సూడు."

అబద్ధమాడలేదు చూడండి. పెట్టి చూడమంది, అంతే. రెండు మిక్సీలకే చేతులెత్తేసే మిషన్, చెరకు మోటారు మొదటి ఊపుకు ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. మోటారు కదిలే ఆ ఒక్క క్షణంలో, తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. మిషన్‌కు ఏమీ కాదు. ప్రాణం మీదికి రాకముందే అది కట్ చేసుకుంటుంది. అయ్యేదల్లా కొండల్‌కే.

కొండల్ మిషన్ మోసుకొచ్చి, బొంత విప్పి పక్కన పారేశాడు. అది చెరకు పిప్పిలో పడింది. ప్లగ్గు పెట్టి, రోలర్ల మధ్య రెండు గడలు ముందే ఇరికించి, స్విచ్చు వేశాడు. మోటారు "గుర్ర్" మంది. రోలర్లు ఇంత జరిగి, చెరకును కరిచి పట్టుకుని ఆగిపోయాయి. మిషన్ కీచుమంది. బటన్ నొక్కాడు. మళ్లీ గుర్ర్, మళ్లీ కీచు. ఈసారి గడలు ఇరుక్కున్నాయి కాబట్టి మోటారు మరింత బరువు లాగాల్సొచ్చి అంత కూడా కదల్లేదు. చెరకు ముందుకూ పోదు, వెనక్కూ రాదు. కొండల్ కాలు తన్నిపెట్టి గడను లాగుతుంటే కొనకు ఒక చుక్క రసం వచ్చి, ఖాళీ గ్లాసులో కాకుండా లింగమూర్తి చెప్పు మీద పడింది.

అప్పటికి గేటు దగ్గర ముందుగా దిగినవాళ్లు కొందరు పోగయ్యారు. దెబోరా తన బండి దగ్గరికి వచ్చి నిలబడి, గొంతు సవరించుకుని, ఎన్నాళ్లుగానో లోపల నానబెట్టుకున్న మాట బయటికి తీసింది.

"ఏం తమ్మీ! నీ మిషన్ గూడ నాగా పెట్టిందా?"

ఆ నవ్వులు గని లోపలికి కూడా వినబడి ఉంటాయి. లింగమూర్తి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇచ్చిన మంచినీళ్లు తాగి, "ఫికర్ జెయ్యకు బావా, నీళ్లు మాత్రం సల్లగున్నయి," అన్నాడు. తిట్టు కంటే అదే గట్టిగా తగిలింది. కొండల్ చెవులు ఎర్రబడ్డాయి. దెబోరా ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

మిషన్ తిరిగొచ్చింది గానీ బొంత రసంలో తడిసి చీమలు పట్టింది. దాన్ని ఉతికి ఆరేసింది. అది దళసరి బొంత, తొందరగా ఆరలేదు. అందాకా మిషన్ బండి కింద ఉత్తదే ఉంది. విచిత్రం, ఆ కొన్ని రోజులూ అది ఒక్కసారి కూడా ఆగలేదు. షిఫ్టు దిగి జనం మీదపడ్డా గుక్కతిప్పుకోకుండా తిప్పింది.

"సూసినవా? దెబ్బ తగిలింది, చెయ్యి ఆగింది," అంది దెబోరా విజయంగా. స్టీఫెన్ కూడా నిజమేనేమో అనుకున్నాడు.

బొంత ఆరింది. మళ్లీ చుట్టింది, ముళ్లు బిగించింది. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. షిఫ్టు దిగింది, మిక్సీ ఆగకుండా తిరుగుతోంది. నాలుగో జగ్గులో సపోటా వేస్తుండగా ఠక్కున ఆగింది.

దెబోరా తల కొండల్ వైపు తిరిగింది. కొండల్ రోడ్డు అవతల రెండు చేతులతో చెరకు తోస్తూ, చుట్టూ జనంతో, ఇటు చూడనైనా చూడకుండా ఉన్నాడు. బండి వెనక ఎవరూ లేరు. స్టీఫెన్ తప్ప. ఆయన చేతుల్లో బత్తాయి ఉంది.

ఈసారి ముళ్లు విప్పే ఓపిక లేక పండ్ల కత్తితో తాడు కోసి బొంత లాగేసింది. ఎప్పుడూ ముళ్లు విప్పేసరికి ఆరిపోయే తెర ఇంకా వెలుగుతోంది. దానిమీద జ్వరం చూసే థర్మామీటరు బొమ్మ మిణుకుమిణుకు మంటోంది. గాలి సందుల దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. రొట్టెల పెనంలా ఉంది.

స్టీఫెన్ కూడా వంగి చూశాడు. "పాపం, దీనికి ఊపిరాడుతలేదే. మాకు గనిల గాలి బంద్ అయితే మేం పనిజేస్తుంటిమా? పైకొస్తుంటిమి. గిదీ గంతే. ఐసుకు బొంత కప్పితే సల్లదనం లోపల ఉంటది. దీనికి లోపలనే వేడి పుడుతది, అది గూడ లోపలనే ఉంటది."

దెబోరా బొంత వైపు చూసింది. కొండల్ వైపు చూసింది. మిషన్ చల్లబడుతున్నకొద్దీ ఆమె మొహం వేడెక్కింది.

"అయితె వాడేం జెయ్యలే," అన్నాడు స్టీఫెన్ మెల్లగా. "పోయి మాఫీ అడుగు."

వడ్డించిన పగను వెనక్కి తీసుకోవడం అంత సులువు కాదు.

"ఆపలేదు, నిజమే. నవ్విండా లేదా? నాగా అని పేరు వెట్టిండా లేదా? నేను జేసింది గా దానికింద జమ చేస్కుంటా."

అన్నదే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు బేరం లేని వేళ, ఐసు ఎక్కువ వేసి పెద్ద గ్లాసు నిండా మామిడి జ్యూసు పట్టుకుని రోడ్డు దాటింది. కొండల్ ముందు పెట్టింది. ఎందుకో చెప్పలేదు.

కొండల్ గ్లాసును ముట్టుకోలేదు. దాని చుట్టూ తిరిగి చూశాడు.

"పోయినసారి గూడ గిట్లనే నవ్వుకుంట వచ్చినవ్ అక్కా. ముందు నువ్వు తాగు."

పక్కన చెరకు రసం తాగుతున్నవాళ్లు గ్లాసులు దించి చూస్తున్నారు. దెబోరాకు ఒళ్లు మండింది. వెనక్కి తిరిగి పోదామనుకుంది. పోతే అనుమానం నిజమైనట్టే. అందరి ముందూ, చెరకు పిప్పి మధ్య నిలబడి, సగం గ్లాసు గటగటా తాగింది.

కొండల్ ఆమె మొహాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. తర్వాత ఆ సగం గ్లాసు అందుకుని, మిగిలింది గుటుక్కున తాగేసి, మూతి తుడుచుకున్నాడు.

"సక్కెర తక్కువైంది," అన్నాడు.

"నీకు గదే ఎక్కువ," అని దెబోరా ఖాళీ గ్లాసు లాక్కుని రోడ్డు దాటింది.