జాబితాలో లేని అవ్వ

అవ్వ తుంటి ఎముక విరిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది మూడేళ్లుగా జీతంలో కోసుకుంటున్న పీఎఫ్. నియమాలు మారకముందు సంగతి ఇది. ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నేను హాజరు, జీతాల పని చూస్తాను. వైద్యానికి తీసుకోవాలంటే ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న నియమం లేదని ఎందరికో చెప్పినదాన్ని. నాకోసం చదివినప్పుడు మాత్రం కింది వాక్యం దగ్గర ఆగిపోయాను. సభ్యుడు, భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు. అమ్మ తల్లి అందులో లేదు.

పత్తికొండ మార్కెట్లో టమోటాలు ఏరి, పదో తరగతి దాకా నన్ను సాకింది అవ్వే.

అవ్వ ఉచిత వైద్యం కార్డు మేం చేర్చిన ఆసుపత్రిలో చెల్లదన్నారు. నా బ్యాంకులో ఉన్నదంతా కట్టి ఆపరేషన్ చేయించాం. మిగతాది డిశ్చార్జి లోపల కట్టాలి.

ఆఫీసులో లెక్కలు చూసే పెద్దాయనతో చెప్పాను.

"నీకే ఒళ్లు బాగలేదని పెట్టు పాపా. కాగితాలు గూడా అడగరు."

"అట్ల రాయలేనన్నా."

"రాసేదేముండాది, నొక్కేదే కదా! శానా పుస్తకాలు చదివితే ఇంతే."

ఆయన చెప్పింది నిజమే. మన మాట మీదే ఇస్తారు. ఇంటికొచ్చి డైరీ తీశాను. నాకు జబ్బు అన్న మాట అందులో కూడా రాయలేకపోయాను. రాసింది ఒక్కటే: అవ్వ అమ్మకు తల్లి.

అమ్మ ఒక ప్రైవేటు బడిలో ఆయా. ఆమెకూ పీఎఫ్ ఉంది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూంటే ఆ డబ్బు అడిగాను.

"అది నీ పెండ్లికి," అంది చెయ్యి ఆపకుండా. "ఏడేండ్లయితే పెండ్లికి సగం ఇస్తారని నువ్వే చెప్తివి. ఇంక ఐదు నెల్లుండాది."

గోడకున్న క్యాలెండరు తిప్పి చూపింది. వెనక, పీఎఫ్ కోసిన నెలకొక గీత.

"వైద్యానికైతే ఆరు నెలల జీతం, లేకుంటే నీ వాటా, ఏది తక్కువైతే అది ఇస్తారుమా. మిగిలిన దాంట్లోనే పెండ్లికి సగం."

"అంటే తగ్గుతాది."

"తగ్గుతాది. నాకూ నాలుగేండ్లలో ఏడు నిండుతాయి. నా పెండ్లికి నేనే తీసుకుంటా."

నా పెళ్లి మాట నేను పైకి అనడం అదే మొదలు.

"నాలుగేండ్లా? అంతవరకు వాడెవుడో నీ పీఎఫ్ కోసం కాసుకోనుంటాడా?"

"ఉంటే ఉండనీమా."

అమ్మ నవ్వి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ ఇచ్చింది. ఎవరికోసం అన్నచోట తల్లి అని నొక్కాను. ఓటీపీ అంకెలు అమ్మే ఒక్కొక్కటీ చదివింది. డిశ్చార్జికి రెండు రోజుల ముందు ఆరు నెలల జీతం ఆమె ఖాతాలో పడింది.

అవ్వ ఇప్పుడు వాకర్ పట్టుకుని వాకిలి దాకా వస్తుంది. కొత్త క్యాలెండరు వెనక రెండు వరుసలున్నాయి. పైది అమ్మది. కింది వరుస నాదట. జీతం పడిన రోజు అమ్మే గీస్తుంది.