మెట్లున్నాయి గానీ ఎవరూ పడరు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దెయ్యమే ఎదురుగా వచ్చి ఆధార్ కార్డు చూపించినా, జిరాక్స్ ఏదని అడిగే రకం నేను. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

మా అక్క భర్త గంగరాజు బావ పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఆయన పక్కన నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ కూడా చిన్నబుచ్చుకుంటుంది. అంతటి మనిషి, తోటి ఆపరేటర్ సూరి తన కళ్ళెదుటే క్రేన్ మెట్ల మీంచి జారిపడి చనిపోయాక, మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. సెలవు అయిపోవస్తోంది. సోమవారం ఎక్కకపోతే ఇక శాశ్వతంగా గోడౌన్ పనే అన్నారు పోర్టువాళ్ళు.

ఒకరోజు ఫోన్ చేశాడు.

“బామ్మర్దీ, కళ్ళు మూస్తే ఆ మెట్లే. మంచి సస్పెన్స్ సినిమా ఒకటి ఎతికిపెట్టు. రెండు గంటలు నా బుర్ర ఇంకోసోట ఉంటే సోమారం ఎక్కుతానేమో. రక్తం ఒద్దు. గబుక్కున మీద పడీదీ ఒద్దు.”

వెనకనుంచి అక్క అందుకుంది. “ఒరే, ఆయన్ని బెదరగొట్టావంటే సేపల బుట్ట నీ నెత్తిన బోర్లిత్తాను!”

ఇక నా పరిశోధన మొదలైంది. చంద్రుడి మీదకి రాకెట్ పంపినవాళ్ళు కూడా ఇంత శ్రమపడి ఉండరు.

ముందు ట్రైలర్లు నమ్మడం మానేశాను. నెమ్మదైన సినిమాకి కూడా ఢాం ఢాం అని మోత పెట్టి అమ్ముతారు. సెన్సార్ సర్టిఫికెట్ పక్కన హింస, రక్తం అని ఉన్నవి తీసేశాను. ఉలిక్కిపడే చోట్లన్నీ నిమిషాలతో సహా రాసిపెట్టే ప్రేక్షకులు ఇంటర్నెట్‌లో ఉన్నారు, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి. అక్కడా వడపోశాను. “మొదటి గంట ఏమీ జరగలేదు, డబ్బులు దండగ” అని ఎవరైనా తిట్టారంటే ఆ సినిమా నాకు పనికొచ్చేదన్నమాట. “చివర్లో తట్టుకోలేకపోయాం” అన్నారంటే పనికిరానిది. నెమ్మదిగా నడిచే సినిమాలు నెత్తురంతా ఆఖరి అరగంటకి దాస్తాయి.

అసలు చిక్కు వేరే. చుక్క రక్తం లేకపోయినా ఎవరైనా ఎత్తునుంచి పడితే చాలు, బావ పని అయిపోయినట్టే. అది ఏ హెచ్చరికలోనూ ఉండదు. అందుకే చివరికి మిగిలిన ఒక్క సినిమానీ ముందుగా నేనే మొత్తం చూశాను, చెవులు వినపడనివాళ్ళకి ఇచ్చే సబ్‌టైటిళ్ళు పెట్టుకుని. అవి మాటల్నే కాదు, తలుపు కిర్రుమన్నా, ఎవరైనా కెవ్వుమన్నా రాసి చూపిస్తాయి. ఒక్క కేకా లేదు. కొండమీద పాత ఇంట్లో అద్దెకి దిగిన ఒంటరి ఆడమనిషి, వస్తువులు తానే మరిచిపోతోందా, ఎవరైనా మారుస్తున్నారా అని తనమీద తనే అనుమానపడుతుంది. అంతే కథ. ఇంట్లో చెక్కమెట్లున్నాయి గానీ ఎవరూ పడరు. ఆ మెట్ల దగ్గర కాస్త జంకాను. తర్వాత సరే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో, బావనీ అక్కనీ కూర్చోబెట్టి, కిటికీలు తెరిచి, సౌండ్ తగ్గించి, రిమోట్ నా చేతిలో పెట్టుకుని వేశాను. నేను తెర చూడలేదు. బావనే చూస్తూ కూర్చున్నాను. మెట్లు కనబడినప్పుడల్లా నా గుండె కంటైనర్ లారీలా మోగింది. ఆయన మాత్రం కదల్లేదు. ఒకచోట చిన్నగా నవ్వాడు కూడా. అక్కడ నవ్వాల్సిందేమీ లేదు.

సినిమా అయ్యాక అక్క పళ్ళెం తీస్తూ అంది. “అంతా బాగుంది గానీ, మెట్లమీద కూకున్న ఆ అబ్బి ఎవుడ్రా? సివరిదాకా సెప్పనేదు.”

“ఏ అబ్బి?”

“అదే, పసుప్పచ్చ టోపీవోడు. ఒక కాలికే బూటుంది, రెండోది ఏటైపోనాదో.”

ఆ సినిమాలో అలాంటి మనిషి లేడు. అదే అనబోయి బావ మొహం చూసి ఆగిపోయాను.

“రెండో బూటు నానే తీశాను, ఆ రోజు క్రేన్ మెట్ల కిందన,” అన్నాడు బావ మెల్లగా. “మీ అక్కకి సెప్పనేదు. ఎవుడికీ సెప్పనేదు.” ఆరిపోయిన తెరవైపు చూస్తూ, “బానే ఉన్నాడు బామ్మర్దీ. నొప్పేటీ ఉన్నట్టు నేదు,” అన్నాడు.

అక్క సూరిని ఎప్పుడూ చూడలేదు.

సోమవారం బావ క్రేన్ ఎక్కాడు. పైనుంచి ఫోన్ చేసి, కింద మనుషులు చీమల్లా ఉన్నారని నవ్వాడు. ఆ పూట నేను ఒంటరిగా ఆ సినిమా మళ్ళీ పెట్టాను. మెట్లు వచ్చిన ప్రతిచోటా ఆపి చూశాను. ఖాళీ మెట్లే, ఎవరూ లేరు.

చివరిసారి మెట్లు కనబడే చోట మాత్రం కింద సబ్‌టైటిల్ పడింది. “ఎవరో పైకి ఎక్కుతున్న అడుగుల చప్పుడు” అని. సౌండ్ పూర్తిగా పెంచాను. ఏ చప్పుడూ లేదు. మొదటిసారి ప్రతి అక్షరం చదివినవాణ్ణి, ఆ వాక్యం చదివిన గుర్తు లేదు. నా కళ్ళు దాన్ని దాటిపోయి ఉండొచ్చు. అక్కకి పసుపు టోపీ ఎలా కనబడిందో మాత్రం నేను చెప్పలేను.

దెయ్యాలంటే నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. కానీ ఆ సినిమా మళ్ళీ పెట్టలేదు.