హెప్సిబా గారి ఎర్ర గీత

మా రొయ్యల మేత కంపెనీకి హెప్సిబా గారు సెక్రటరీగా వచ్చింది జూన్‌లో. దివిసీమ అమ్మాయి. సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, అబద్ధం మాత్రం రాయదు. బందరు ఆఫీసులో పాతికేళ్ళుగా అకౌంటెంటుగా ఉన్న నాకు ఆ గుణమే మొదట కంటగింపైంది.

వచ్చిన వారానికే, కంపెనీల కాగితాలు దాఖలు చేసే ప్రభుత్వ పోర్టల్ తెరిచి నన్ను పిలిచింది.

"శ్యాంబాబు గారూ, రెండేళ్ళ నుంచి లెక్కలూ లేవు, వార్షిక రిటర్నూ లేదు. ఎందుకండీ?"

ఎందుకో నాకు తెలుసు. ఏటా సెప్టెంబరు ముప్ఫైలోగా వాటాదారుల సభ జరగాలి. మా ఛైర్మన్ సాంబశివరావు గారు మహాలయ పక్షాల్లో ఏ కాగితం మీదా సంతకం పెట్టరు. దసరా వెళ్ళాక చూద్దాం అంటారు. దసరా వెళ్ళాక చెరువుల్లో రొయ్యల పట్టుబడులు వచ్చిపడతాయి. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి, నాకు పక్షాలతో పనేమిటి? అయినా ఆయన పట్టింపే నాకూ అలవాటైపోయింది. ఫైలు మీద 'దసరా తరువాత' అని రాసి బీరువాలో పెట్టింది నేనే. పాత సెక్రటరీ అడిగీ అడిగీ విసిగి మానేశాడు.

లెక్కలన్నీ సర్దుకునేసరికి ఆ ఏటి సెప్టెంబరు కూడా దాటిపోయింది. హెప్సిబా గారు బోర్డుకి ఉత్తరం రాసింది. అంత నిక్కచ్చి ఉత్తరం నేను చూడలేదు. ఏ ఫారం ఏ తేదీకి తప్పిందో, దానికి ఎవరు బాధ్యులో రాసింది. అందులో నా పేరుంది, తన ఉద్యోగం పేరూ ఉంది. మూడో ఏడు లెక్కల గడువు అక్టోబరు ముప్ఫై. ఆలోగా కనీసం పాత రెండేళ్ళ కాగితాలైనా వెయ్యకపోతే వరసగా మూడేళ్ళు తప్పినట్టవుతుంది. అప్పుడు డైరెక్టర్లు అయిదేళ్ళు అనర్హులు. వింత ఏమిటంటే మా కంపెనీలో కుర్చీ ఉంటుంది, వాళ్ళు డైరెక్టర్లుగా ఉన్న మిగతా కంపెనీల్లోనే పోతుంది.

ఛైర్మన్‌కీ, ఆయన కొడుకు రాజీవ్‌కీ వేరే కంపెనీలు లేవు. మూడో డైరెక్టరు దేవసహాయం మాస్టారికి ఉంది. నాగాయలంక దగ్గర ఆయనా, ఆయన భార్య అన్నమ్మ గారూ కలిసి, లాభాపేక్ష లేని కంపెనీ పెట్టి నడుపుతున్న ఆసుపత్రి. ఇద్దరే డైరెక్టర్లు. ఒకరు తగ్గితే కొత్త డాక్టరు నియామకం కూడా చెల్లదు.

ఉత్తరం చివర ఒక క్యాలెండరు జత చేసింది. ఏ నెలలో ఏ ఫారం, ఎవరు తయారు చెయ్యాలి, ఎవరు సంతకం పెట్టాలి, పదిహేను రోజుల ముందు ఎవరికి గుర్తు చెయ్యాలి, అన్నీ ఉన్నాయి. మొదటి వరస అక్టోబరు ముప్ఫై. దాని కింద ఎర్ర గీత.

ఇరవై ఎనిమిదిన గుడివాడలో ఛైర్మన్ గారింట్లో బోర్డు మీటింగు. మాస్టారు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ఛైర్మన్ ఉత్తరం రెండుసార్లు చదివారు.

"బాగా రాశావమ్మాయ్. క్యాలెండరు బ్రహ్మాండంగా ఉంది. ఆమోదిస్తున్నాం."

ముగ్గురూ ఆమోదించారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"సార్, పాత రెండేళ్ళ లెక్కలు ఆడిట్ అయి ఉన్నాయి. ఇప్పుడే సంతకాలు పెడితే రేపే వేసేస్తాను" అంది హెప్సిబా గారు.

"అమావాస్య ముందు సంతకాలేమిటమ్మా? దీపావళి వెళ్ళనీ. సోమవారం దివ్యంగా ఉంది."

"సోమవారానికి మాస్టారి ఆసుపత్రి ఉండదండీ!"

గొంతు పెంచడం అదే మొదటిసారి. రాజీవ్ ఫోన్‌లోకి తల దించుకున్నాడు. ఛైర్మన్ సంతకం లేకుండా మాస్టారొక్కరే ఏమీ చెయ్యలేరు. నేను నోరు విప్పితే బాగుండేది. పాతికేళ్ళు ఆయన మాట విన్నవాణ్ణి, విప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ తినేస్తోంది.

"నాలుగు రోజుల్లో కొంప మునగదులే" అన్నారు ఛైర్మన్.

ముప్ఫై వెళ్ళిపోయింది. సోమవారం పసుపు బొట్టు పెట్టిన ఫైలు మీద ఆయన ఎంతో శ్రద్ధగా సంతకాలు పెట్టారు. ఆలస్యపు రుసుముతో పోర్టల్ అన్నీ తీసుకుంది. కానీ పోయింది తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం హెప్సిబా గారు నన్ను వెంటబెట్టుకుని నాగాయలంక వెళ్ళింది. ఉత్తరంలో చెప్పే సంగతి కాదంది. మాస్టారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా బల్ల మీద కొత్త డాక్టరు నియామకపత్రం సంతకం కోసం ఉంది. అంతా విని, పెన్ను మూత పెట్టేశారు.

"ఎన్నాళ్ళమ్మా?"

"అయిదేళ్ళు, మాస్టారూ."

"నాకిప్పుడు డెబ్భై ఎనిమిది" అన్నారాయన.

తిరుగు బస్సులో ఆమె ఏడుస్తూనే ఉంది. ఆఫీసు గోడ మీద క్యాలెండరు నేనే తగిలించాను. బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది కదా.