తుడిపేసిన టిక్కు

బేతంచెర్లలో మా బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌నైంది సర్వీసు లెక్కనే. ఏళ్లు నిండాయి, కుర్చీ వచ్చింది. పిల్లల సంగతీ అంతే. చదువు వచ్చినా రాకున్నా ఏడాది తిరిగితే పై తరగతి. అలా ఐదో తరగతి దాకా వచ్చిన ఒక పిల్ల, తెలుగు వాచకం తెరిస్తే అక్షరాలు కూడబలుక్కునేది. వేసవి దాటితే హైస్కూలు. చదవడం రాకుండా అక్కడికి పోతే నెల తిరక్కుండా బడి మానేస్తుందని నా భయం.

అందుకే ఆ ఏడు గోడకు పెద్ద చార్టు అంటించాను. పక్కన పిల్లల పేర్లు, పైన వాళ్లకు రావాల్సిన పనులు. 'బాగా చదువుతుంది' లాంటి గాలిమాటలు కావు. 'ముందెప్పుడూ చూడని పేరా చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెబుతుంది' అని రాశాను. రెండు వేర్వేరు రోజులు చేసి చూపిస్తేనే పెన్సిల్‌తో టిక్కు. చదివే గంటలో తరగతితో పని లేదు, ఎవరు ఎక్కడ ఆగారో ఆ జట్టులోనే కూర్చోవాలి.

మర్నాడే ఆ పిల్ల తల్లి వచ్చింది, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి రాతిపొడి చేతులతోనే.

"ఏం మేడమ్, ఐదో తరగతి పాపను రెండో తరగతి పిల్లోల్ల పక్కన కూసోబెట్నావంట?"

"సదివే గంట వరకేమ్మా. లెక్కల్లో నీ బిడ్డే అందరికంటే ముందర ఉండాది, సూడు."

లెక్కల వరసలో టిక్కులన్నీ వేలితో లెక్కపెట్టుకుని మెత్తబడింది.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆ పిల్ల వాచకంలో ఒక పేరా గడగడా చదివేసింది. నేను ఉబ్బితబ్బిబ్బై, కొత్త పేరా ఇవ్వకుండా, రెండో రోజు దాకా ఆగకుండా టిక్కు పెట్టేశాను. బడి వదిలాక అది ఇంటికి పోకుండా చార్టు ముందు నిలబడింది.

"టీచర్, ఆ టిక్కు తుడిపెయ్. నేను సదవలా. మా జట్టులో పిల్లోల్లు సదువుతాంటే ఇనీ ఇనీ నోటికొచ్చింది."

పప్పులో కాలేసింది నేను. సిగ్గేసింది, అంతకు మించి ఆ పిల్ల ముద్దొచ్చింది. రబ్బరు ఇస్తే తనే తుడిపేసింది. మర్నాటి నుంచి ఆ జట్టుకు రోజూ కొత్త పేరాలు రాసిచ్చాను.

మార్చిలో, కోతి బడిగంట ఎత్తుకుపోయినట్టు ఒక పేరా అప్పటికప్పుడు రాసిచ్చాను. ఆ పిల్ల చదువుతూ ఒకచోట ఆగింది, వెనక్కొచ్చి మళ్లీ చదివింది, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. అర్థమైతేనే కదా నవ్వొచ్చేది! కోతి కథంతా తన మాటల్లో చెప్పింది. మరుసటి రోజు టమాటా లారీ గురించి ఇంకో పేరా ఇచ్చాను. అదీ చదివింది, అదీ చెప్పింది. సంతోషం కొద్దీ ఈసారి టిక్కు పెద్దగా పెట్టాను.

"నీకెవురు పెడ్తారు టీచర్, టిక్కు?" అంది.

"నా తప్పు పట్టుకున్నదానివి, నువ్వే పెట్టు" అని పెన్సిల్ చేతికిచ్చాను.

నన్ను ఎగాదిగా చూసి, పెన్సిల్ తిరిగిచ్చేసింది.

"రేపు గూడా సూసి పెడ్తాలే."