పాలపన్నుకు స్టీలు టోపీ

నేను ఇక బడికి రాకపోవడమే ఇద్దరికీ మంచిదని ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒక అంగీకారానికి వచ్చాం. మా ఇద్దరికీ కుదిరిన ఒకే ఒక్క లెక్క అది. ఆ తర్వాత సైకిల్ షాపు, కిరాణా కొట్టు అన్నీ తిరిగి, ముప్పయ్యో ఏట ఏలూరులో ఒక పళ్ళ డాక్టరమ్మ గారి దగ్గర సహాయకుడిగా కుదురుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. సిమెంటు కలపడం, ఎక్స్‌రే ఫిల్ము కడగడం, ఏడ్చే పిల్లల్ని నవ్వించడం నా ఉద్యోగం. మూడోదానికి చదువు అడ్డొస్తుందని ఇప్పటికీ నా నమ్మకం.

బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరిని ముందు లోపలికి పంపాలో తేల్చేది కూడా నేనే. "రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని నొప్పి ఎవరికైనా ఉంటే వాళ్ళు ముందు రండి బాబూ!" అని రోజూ పొద్దున్నే కండక్టరులా కేకేసేవాణ్ణి. ఆ కేకే ఒకరోజు ఒక చిన్నపిల్ల పన్ను ప్రాణం మీదికి తెచ్చింది.

కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద బతికే కుటుంబం వాళ్ళది. ఆరోజు చెరువులో చేపల పట్టుబడి. ఇంట్లో మగవాళ్ళెవరికీ తీరిక లేక, ఐదేళ్ళు దాటిన మనవరాల్ని మామ్మే తీసుకొచ్చింది. కైకలూరులో బస్సు మారి వచ్చేసరికి బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. గోడ వారన కింద కూర్చోబోయినావిడ నా కేక విని లేచి నిలబడింది.

"మా పిల్ల నాలుగు రోజుల్నించి రాత్రిళ్ళు కన్ను మూయట్లేదు బాబూ. మేవూ మూయట్లేదు."

చట్టం చట్టమే. ముందు పంపేశాను.

కింది దవడలో ఎడమ పక్క, చివరి పాలదంతం. నడుమ బాగా గొయ్యి పడింది. డాక్టరమ్మ గారు చిగురు నొక్కి చూశారు. వాపు లేదు, చీముగడ్డ లేదు. పన్ను కదపడానికి చూశారు, కదల్లేదు. అద్దం పిడితో మెల్లగా తట్టారు. పిల్ల ఉలిక్కిపడలేదు సరికదా, "మళ్ళీ కొట్టండి, బాగుంది" అంది. నేను కడిగి తెచ్చిన ఎక్స్‌రేలో గొయ్యి లోపలి నరం దాకా దిగింది కానీ, వేళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. వాటి మధ్య చీము పట్టిందని చెప్పే నల్లటి నీడ కూడా లేదు.

"నోరు ఒక మాట చెబుతోంది, మామ్మగారు ఇంకో మాట చెబుతున్నారు" అన్నారు డాక్టరమ్మ గారు. "దానంతటదే రాత్రిళ్ళు అంత పోటు పెడుతోందంటే నరం వేళ్ళదాకా వాచినట్టు. అప్పుడు పైనరం మాత్రం తీసి పన్ను కాపాడదామంటే కుదరదు. తీసెయ్యాల్సి రావచ్చు."

"తీసెయ్యండమ్మా!" అంది మామ్మ హుషారుగా. "ఎలాగూ ఊడిపోయేదేగా. రెండింటి బస్సు అందుకుంటాం."

నాకెందుకో ఆ పిల్ల మొహం చూస్తే అనుమానం వచ్చింది. నాలుగు రోజులు నిద్రలేనివాళ్ళ మొహాలు నేను రోజూ చూస్తాను. ఈ పిల్ల నా కుర్చీ మీద ఎక్కి గిరగిరా తిరుగుతోంది.

"బుజ్జమ్మా, రాత్రి నిద్ర పోలేదంటగా? మరేం చేశావ్?"

"పడుకున్నాను."

"నొప్పెట్టి లేవలేదూ?"

"మామ్మ గురక పెడితే లేచాను."

"మరి పన్నెప్పుడు నొప్పెడుతుంది?"

"ఐసు తింటే. బెల్లం జీడి ఇరుక్కుంటే. వేలెట్టి తీసేస్తే పోద్ది."

మామ్మ కొంగు సర్దుకుంది. "మరి మీరేగా అన్నారు బాబూ, రాత్రి నొప్పున్నోళ్ళని ముందు పంపుతానని? అందుకే అలా అన్నానండీ. పిల్లని తప్పు పట్టకండి."

డాక్టరమ్మ గారు పిల్లనూ తప్పు పట్టలేదు, మామ్మనూ తప్పు పట్టలేదు. నావైపు చూశారు. నవ్వించడం నా పనే కానీ, అప్పుడు మాత్రం సిమెంటు డబ్బాల మూతలు తుడవడం మొదలుపెట్టాను.

"అయితే ఈ పన్నుని కాపాడొచ్చు" అన్నారావిడ. "పైగదిలో పాడైన నరం తీసేసి, వేళ్ళలో బాగున్నది ఉంచి, మీద స్టీలు టోపీ పెడతాను."

మామ్మ ఒప్పుకుంటేనా! "ఊడిపోయే పన్నుకి టోపీ ఏవిటమ్మా? పెళ్ళికెళ్తుందా?"

ఇక్కడ నా చదువు పనికొచ్చింది. బస్సులో చదివిన చదువు.

"మామ్మగారూ, కైకలూరులో బస్సు రాగానే ఏం చేశారు?"

"కిటికీలోంచి సీటు మీద తువ్వాలేశాను."

"తువ్వాలు తీసేస్తే?"

"ఎవడో కూర్చుంటాడు."

"ఈ పాలదంతం తువ్వాలండీ. దీని కింద అసలు పన్ను పదకొండో ఏటకో ఆ తర్వాతో వస్తుంది. వెనకాల ఇంకా చిగుళ్ళోనే ఉన్న పెద్ద దవడపన్ను ఆరో ఏట దిగుతుంది. తువ్వాలు లేదనుకోండి, అది నెమ్మదిగా ముందుకు జరిగి సీటు ఆక్రమిస్తుంది. అసలు మనిషి వచ్చేసరికి చోటుండదు. అడ్డంగా నిలబడాల్సిందే."

"వరస దాటి వచ్చేస్తుందన్నమాట" అంది మామ్మ, కొంచెం సిగ్గుపడుతూనే.

"ఒక మాట ముందే చెబుతున్నా" అన్నారు డాక్టరమ్మ గారు. "లోపల తెరిచి చూశాక రక్తం ఆగకపోతే వేళ్ళలోకీ జబ్బు దిగినట్టే. అప్పుడు తీసెయ్యడమే మేలు. ఆ ఖాళీ పోకుండా తీగ ఒకటి బిగించాలి."

మత్తు సూది వేశారు. "నీ బుగ్గ పడుకుంది, లేపకు, కొరక్కు" అన్నాను. పిల్ల బుగ్గని వేలితో తట్టి చూసి నవ్వింది. పుచ్చు తొలిచి, పైకప్పు తెరిచి, లోపలి గుజ్జు తీసేశారు. వేళ్ళ ద్వారాల దగ్గర ఎర్రగా ఊరింది. నేనందించిన తడి దూదిని అక్కడ అద్ది, డాక్టరమ్మ గారు గడియారం వైపు చూశారు. నేనూ చూశాను. నేను తప్పుగా ముందు పంపిన మనిషి పన్ను అది. ఆగకపోతే తీసే పటకారు అందించాల్సింది కూడా నేనే.

కొన్ని నిమిషాలకు దూది ఎత్తారు. ఆగింది.

ఆ తర్వాతి పని నాకు పండగ. మందులో ముంచి బాగా పిండేసిన దూది ఉండ లోపల కాసేపు పెట్టి తీశారు. నేను కలిపిన లవంగనూనె ముద్దతో గది మూశారు. మామ్మ ముక్కు ఎగబీల్చి "ఈ వాసన మా వంటింట్లోనూ ఉందే!" అంది. పన్నుని పైనా పక్కలా అరగదీసి, పెట్టెలోని టోపీలు ఒక్కోటీ వేసి చూశారు. మూడోది సరిపోయింది. అంచు పటకారుతో లోపలికి వంచి, సిమెంటు నింపి నొక్కితే 'టక్' మంది. పైకొచ్చిన సిమెంటు శుభ్రం చేసేశాక అద్దం ఇచ్చాను.

"స్టీలు గ్లాసులా ఉంది!" అంది పిల్ల. రెండింటి బస్సు వెళ్ళిపోయింది. మామ్మ మాత్రం తర్వాతి బస్సుకు పరిగెత్తకుండా, అందరికంటే చివర్లో, నిదానంగా వెళ్ళింది.

ఆ మర్నాటి నుంచి నా కేక మారింది. పిల్లల విషయంలో పెద్దవాళ్ళని కాదు, పిల్లల్నే అడిగేవాణ్ణి. పెద్దవాళ్ళ ముందు కాదు, నా కుర్చీ మీద కూర్చోబెట్టి తిప్పుతూ. చిగురు మీద చీముగడ్డతో, ఊగిపోయే పళ్ళతో వచ్చినవాళ్ళకు డాక్టరమ్మ గారు వెంటనే తీసేసేవారు. అలాంటివాటిని బతికించాలని పట్టుబడితే కింది పన్నుకే చేటు. ఏది ఏదో తెలియాలంటే ముందు నిజం తెలియాలి.

ఆరేళ్ళ తర్వాత ఒక పొడుగాటి పిల్ల నా ముందు నిలబడి, మడిచిన కాగితం విప్పింది. అందులో టోపీ పెట్టుకుని ఊడిపోయిన పాలపన్ను. "మామ్మ ఇంటికప్పు మీదికి విసరమంది. స్టీలుది కదా, మీకు చూపించి విసురుతానన్నాను."

"నోరు తెరువు చూద్దాం."

ఖాళీ సరిగ్గా ఉంది. అందులోంచి కొత్త పన్ను కొస తొంగిచూస్తోంది.

"సీటు దొరికింది" అన్నాను.

"మామ్మ కూడా వచ్చింది. బయట కూర్చుంది, వరసలో" అంది ఆ పిల్ల.